ఆఖరి బేరం, అన్ని షేర్లు

షేర్ల ధరలు పడిన మర్నాడు "ఒక్కరోజులో లక్షల కోట్ల సంపద ఆవిరి" అనే శీర్షిక కనిపించినప్పుడల్లా నాకు చిరాకు. నీళ్లు ఆవిరైతే కనీసం గాలిలో తేమగా ఎక్కడో ఉంటాయి. ఈ లక్షల కోట్లు ఆ ముందురోజైనా ఎక్కడ ఉన్నాయి? ఏ బ్యాంకులో, ఎవరి పేరున? ఎక్కడా లేనివి ఆవిరి కావడమేంటి?

నేను లెక్కల మనిషిని. కంపెనీల ఖాతాలు చూడటం నా పని. అయినా ఆ శీర్షికల వెనకుండే అంకె, కంపెనీ మొత్తం షేర్లకు కట్టే విలువ అయిన మార్కెట్ క్యాప్ అంటే ఏమిటో నాకు ఒంటికి పట్టింది పుస్తకం చదివి కాదు, చేతులు కాల్చుకుని.

చాలా ఏళ్ల కిందట ఒక చిన్న లిస్టెడ్ కంపెనీలో పనిచేసేటప్పుడు జీతంతో పాటు కొన్ని షేర్లు ఇచ్చారు. కొన్ని నేనూ కొనుక్కున్నాను. మొత్తం 4,000 అయ్యాయి. అసలు ధర ఎందుకులెండి, లెక్కకు వీలుగా షేరు నూరు అనుకుందాం. అంటే నా దగ్గర నాలుగు లక్షలు ఉన్నట్టు. నేనైతే ఉన్నట్టే అనుకున్నాను, ఆ లెక్కతోనే ఖర్చులు కూడా రాసుకున్నాను. అమ్మాలనుకున్న రోజు స్క్రీన్ మీద నూరు అని చూసి, ధర ఏమీ చెప్పకుండా "వచ్చిన రేటుకు అమ్మెయ్" అనే మార్కెట్ ఆర్డర్ పెట్టాను. లెక్కల మనిషి చేయాల్సిన పని కాదది, ఒప్పుకుంటాను.

ఆ నిమిషంలో కొనేవాళ్ల వరస ఇలా ఉంది. 98కి 300 షేర్లు కావాలన్నారు. ఆ తర్వాత 95కి 500, 91కి 700, 86కి వెయ్యి, 80కి 1,500. నా ఆర్డరు ఈ మెట్లన్నీ దొర్లుకుంటూ కింద దాకా వెళ్లి ఆగింది. చేతికొచ్చింది మూడు లక్షల నలభై ఆరు వేల ఆరు వందలు. నూరుకు అమ్ముడైన షేరు ఒక్కటీ లేదు. పది నిమిషాల్లో బ్రోకర్ ఆఫీసు కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, ఆ ఆర్డర్ మీరే పెట్టారా? కంపెనీలో ఏమైనా గొడవా?" అని అడిగాడు. గొడవేం లేదు బాబూ, గొడవంతా నాదే అన్నాను.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. ఆ కంపెనీకి మొత్తం 2 కోట్ల షేర్లున్నాయి. పొద్దున ఆఖరి బేరం నూరుకు జరిగింది కాబట్టి మార్కెట్ క్యాప్ 200 కోట్లు. నా ఆర్డరులో చివరి ముక్క 80కి పోయింది కాబట్టి ఇప్పుడది 160 కోట్లు. చేతులు మారిన డబ్బేమో మూడున్నర లక్షలు కూడా లేదు, "ఆవిరైన" సంపద మాత్రం 40 కోట్లు. మర్నాడు మధ్యాహ్నానికి షేరు మళ్లీ 97కి వచ్చింది. అందులో 34 కోట్లు తిరిగొచ్చాయన్నమాట. ఈలోగా గోడౌన్‌లో సరుకు మారలేదు, ఒక్క కస్టమర్ పోలేదు, ఫ్యాక్టరీలో మిషన్లు రోజూ తిరిగినట్టే తిరిగాయి.

మార్కెట్ క్యాప్ అంటే అంతే. ఆఖరిగా జరిగిన బేరం ధరను తీసుకుని, కంపెనీ మొత్తం షేర్లతో గుణించడం. ఆ బేరంలో చేతులు మారినవి పదే కావచ్చు, పది లక్షలు కావచ్చు, ఫార్ములాకు పట్టదు. బేరానికే రాని కోట్ల షేర్లకు కూడా అదే ధర అంటగడుతుంది. కాబట్టి అది పోగేసిన డబ్బు మొత్తం కాదు. కొందరి మధ్య కుదిరిన ఒక రేటును అందరికీ అద్ది చెప్పిన అంకె.

చిన్న కంపెనీలో, కొనేవాళ్లు లేని షేరులో ఇలా జరగడం మామూలేనని మీరు అనొచ్చు. నిజమే, పెద్ద కంపెనీల షేర్లకు కొనేవాళ్ల వరస దట్టంగా ఉంటుంది, నాలాంటివాడి నాలుగు వేల షేర్లకు అది కదలదు. కానీ ఇదే సంగతి వేల కోట్ల డాలర్ల స్థాయిలో, పట్టపగలు, అందరూ చూస్తుండగా జరిగిన రోజు ఒకటుంది. 2000 మార్చి 2.

త్రీకామ్ అని అమెరికాలో నెట్‌వర్క్ పరికరాలు చేసే కంపెనీ ఉండేది. కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్‌నెట్ పద్ధతిని కనిపెట్టినవాళ్లలో ఒకడైన రాబర్ట్ మెట్‌కాఫ్ 1979లో పెట్టిందది. 1997లో త్రీకామ్ మరో కంపెనీని కొన్నప్పుడు దాని వెంట పామ్ అనే చిన్న విభాగం వచ్చింది. జేబులో పట్టే చేతి కంప్యూటర్లు, పామ్ పైలట్లు తయారుచేసేది. ఇంటర్నెట్ పిచ్చి ముదిరిన రోజులు కాబట్టి కొన్నాళ్లకు అందరి కళ్లూ పామ్ మీదే పడ్డాయి. త్రీకామ్ దాన్ని విడదీయాలనుకుంది. దానికి రెండు అడుగులు వేసుకుంది. ముందు పామ్‌లో సుమారు 5 శాతం వాటా అమ్మి లిస్ట్ చేయడం, ఆ తర్వాత ఏడాది తిరక్కుండా మిగిలిన 95 శాతాన్నీ త్రీకామ్ వాటాదారులకే ఉచితంగా పంచేయడం. ఒక్కో త్రీకామ్ షేరుకు ఒకటిన్నర పామ్ షేర్లు వస్తాయని అంచనా. ఇదంతా ముందే ప్రకటించారు, రహస్యమేమీ లేదు.

ఇష్యూ ధర 38 డాలర్లు. మొదటి రోజు షేరు 165 దాకా ఎగిరి, సాయంత్రానికి 95 దగ్గర ముగిసింది. ఆ ధరతో పామ్ మార్కెట్ క్యాప్ 5,300 కోట్ల డాలర్లు దాటింది. ఆ అంకె ప్రకారం జనరల్ మోటార్స్ కంటే పామే పెద్ద కంపెనీ! అదే రోజు త్రీకామ్ షేరు పడిపోయి 82 డాలర్ల దగ్గర ఆగింది. దాని మార్కెట్ క్యాప్ దాదాపు 2,800 కోట్ల డాలర్లు.

ఇక్కడ ఒక కాగితం తీసుకోండి. త్రీకామ్ షేరు ఒకటి చేతిలో ఉంటే కొన్ని నెలల్లో ఒకటిన్నర పామ్ షేర్లు వస్తాయి. పామ్ 95 చొప్పున వాటి విలువ 142 డాలర్లకు పైనే. మరి ఆ షేరును బజారులో 82కే ఇస్తున్నారు. అంటే పామ్‌ను పక్కన పెడితే త్రీకామ్‌లో మిగిలిన వ్యాపారమంతటికీ కలిపి షేరుకు సున్నా కంటే 60 డాలర్లు తక్కువ ధర కట్టినట్టు. ఆ మిగిలిన వ్యాపారం ఏమైనా దివాలా సరుకా అంటే కాదు. అమ్మకాలున్నాయి, లాభాలున్నాయి, షేరుకు 10 డాలర్ల చొప్పున నగదూ, నగదుతో సమానమైన పెట్టుబడులూ ఉన్నాయి. మొత్తం షేర్లకు లెక్కేస్తే ఆ వ్యాపారం విలువ మైనస్ 2,000 కోట్ల డాలర్లకు పైగా తేలింది. కంపెనీకి ఉన్న ఆస్తుల్లో ఒక్కదాని ధరే కంపెనీ మొత్తం ధరకు రెట్టింపు దగ్గర పలుకుతోంది. గదిలో ఉన్న బీరువా ధర ఇల్లంతా కలిపిన ధర కంటే ఎక్కువ పలికినట్టు.

దీన్ని ఎవరూ గమనించలేదనుకుంటే పొరపాటు. మర్నాడే పేపర్లలో రాశారు. తర్వాత ఓవెన్ లమాంట్, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని కూలంకషంగా పరిశీలించి రాశారు. అయినా ఈ తిరకాసు ఒక్కరోజులో సర్దుకోలేదు, సుమారు రెండు నెలలు నడిచింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. అందరికీ తెలిసిన తప్పు అంతకాలం ఎలా నిలబడింది?

సర్దుబాటు ఎలా జరగాలంటే, తెలివైనవాడు ఒక త్రీకామ్ షేరు 82కి కొంటాడు. ఇంకొకరి దగ్గర ఒకటిన్నర పామ్ షేర్లు అప్పు తెచ్చి 142కి అమ్మేస్తాడు. దీన్నే షార్ట్ చేయడం అంటారు. నెలలు గడిచాక త్రీకామ్ నుంచి పామ్ షేర్లు చేతికొస్తాయి, వాటితో అప్పు తీర్చేస్తాడు. అరవై డాలర్లు జేబులో మిగులుతాయి, త్రీకామ్ షేరేమో ఊరికే వచ్చినట్టు. ఇలా వందమంది చేస్తే పామ్ ధర దిగుతుంది, త్రీకామ్ ధర ఎక్కుతుంది, లెక్క కుదురుతుంది. కానీ అప్పు తెచ్చుకోవడానికి పామ్ షేర్లు ఎక్కడున్నాయి? బజారులో ఉన్నవే మొత్తంలో ఇరవయ్యో వంతు. మిగతా 95 శాతం త్రీకామ్ పెట్టెలో భద్రంగా ఉంది. బయట ఉన్న కొద్దిపాటివి కూడా ఎక్కువగా అప్పివ్వడం అలవాటు లేని మదుపరుల చేతుల్లో ఉన్నాయి. అమ్మాలనుకునేవాళ్లకు సరుకు దొరకలేదు, కొనాలనుకునేవాళ్లు మాత్రం ఎగబడ్డారు. ఆ కొద్దిమంది ఉత్సాహపరులు కట్టిన ధరనే తీసుకెళ్లి, బజారులోకి రాని 95 శాతానికీ గుణించి, ఇదిగో 5,300 కోట్ల డాలర్ల కంపెనీ అన్నారు. నా 40 కోట్ల కథ కూడా ఇదే, అక్కడ అంకె కిందికి పోయింది, ఇక్కడ పైకి పోయింది.

ఇది ఇంటర్నెట్ పిచ్చి రోజుల సంగతే కదా అని తోసేయకండి. 2008 అక్టోబర్‌లో, ప్రపంచమంతా మాంద్యం భయంతో వణుకుతున్నప్పుడు, ఫోక్స్‌వ్యాగన్ షేరు రెండు ట్రేడింగ్ రోజుల్లో 200 యూరోల చిల్లర నుంచి వెయ్యి యూరోలు దాటింది. కాసేపు ప్రపంచంలోకెల్లా విలువైన కంపెనీ అదే అయింది. కార్ల అమ్మకాలు పెరిగాయా? కాదు. తన చేతిలో 42.6 శాతం షేర్లూ, మరో 31.5 శాతం మీద ఆప్షన్లనే ముందస్తు ఒప్పందాలూ ఉన్నాయని పోర్షే ఒక ఆదివారం చెప్పింది. ఇంకో 20 శాతం జర్మనీలోని ఒక రాష్ట్ర ప్రభుత్వానిది. బజారులో మిగిలింది ఆరు శాతం లోపు. షార్ట్ చేసి తిరిగి కొనాల్సినవాళ్ల బాకీ అంతకు రెట్టింపు. ఏ ధరకైనా కొనక తప్పని వాళ్లు కట్టిన ధరను, అమ్మకానికే లేని 94 శాతానికీ గుణించారు.

అందుకే ఇప్పుడు ఎవరైనా మార్కెట్ క్యాప్ చెబితే నేను మొదట అడిగేది ఫ్లోట్ ఎంత అని. అంటే ప్రమోటర్లూ, ప్రభుత్వాలూ పట్టుకుని కూర్చున్నవి పోగా నిజంగా కొనడానికీ అమ్మడానికీ దొరికే షేర్లు ఎన్ని అని. పెద్ద సూచీల్లో చాలావాటిని లెక్కకట్టేవాళ్లు కూడా కంపెనీ బరువు నిర్ణయించేటప్పుడు ఆ ఫ్లోట్‌నే తీసుకుంటారు, మొత్తం షేర్లను కాదు. వాళ్లకు తెలుసు, శీర్షికలు రాసేవాళ్లకే పట్టదు.

పామ్ మొదటి రోజు నుంచి ఇంకో ముక్క. ఇష్యూలో జనానికి అమ్మింది 2.3 కోట్ల షేర్లు. 38 చొప్పున వచ్చింది 87 కోట్ల డాలర్లు. ఆ తర్వాత ధర 95కు పోయినా 165కు పోయినా కంపెనీ ఖాతాలో ఒక్క డాలరు కూడా పెరగదు. బజారులో ఒక మదుపరి దగ్గర ఇంకొకరు కొంటున్నారు, అంతే. మార్కెట్ క్యాప్ పెరిగిందంటే కంపెనీకి డబ్బొచ్చిందని నమ్మేవాళ్లు నాకు చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ తగిలారు.

సరే, సంపాదన సంగతి చూద్దాం. లిస్టింగ్‌కు ముందు 1999 మేతో ముగిసిన ఏడాదిలో పామ్ అమ్మకాలు 56 కోట్ల డాలర్లు, లాభం సుమారు 3 కోట్లు. 5,300 కోట్ల ధరను ఆ లాభంతో తిరిగి రాబట్టాలంటే పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్లు పడుతుంది. కొన్నవాళ్లకు ఈ భాగహారం రాక కాదు. వాళ్లు కొన్నది నిరుటి లాభాన్ని కాదు. రాబోయే ఇరవై ఏళ్లలో ప్రతి జేబులో ఒక పామ్ ఉంటుందనే ఊహను కొన్నారు. (జేబులో కంప్యూటర్ ఉంటుందన్నది నిజమే అయింది. పామ్ అన్నదే కాలేదు.)

ఊహను కొనడం తప్పు అనను. షేరు ధర ముందుకే చూడాలి, గడిచిన ఏడాది లాభం అప్పటికే ఖర్చయినదో పంచినదో అయి ఉంటుంది. కాకపోతే ఊహ అనేది చిన్న కదలికకే పెద్దగా ఊగుతుంది. ఒక కంపెనీ వచ్చే ఏడాది 10 సంపాదిస్తుంది, మదుపరులు ఏడాదికి 10 శాతం రాబడి కోరుకుంటున్నారు అనుకోండి. లాభం ఎప్పటికీ ఏటా 5 శాతం పెరుగుతుందని నమ్మితే, 10ని ఆ రెండింటి తేడా అయిన 5 శాతంతో భాగించాలి, విలువ 200 వస్తుంది. ఇప్పుడు పెరుగుదల 5 కాదు, 3 అని మనసు మార్చుకున్నారు. తేడా 7 శాతం అయింది, విలువ 143కు దిగింది. వచ్చే ఏడాది రాబోయేది అదే 10. ఆస్తులు అవే, మనుషులు వాళ్లే. రెండు శాతం నమ్మకం తగ్గినందుకు నాలుగో వంతుకు పైగా ధర పోయింది.

ఇది కాగితం మీది బొమ్మే అనుకుంటే 2022 ఫిబ్రవరి 3 చూడండి. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా షేరు ఆ ఒక్కరోజే 26 శాతం పడింది. మార్కెట్ క్యాప్‌లో 23,000 కోట్ల డాలర్లకు పైగా తగ్గింది. ముందు సాయంత్రం ఫలితాల్లో ఆ కంపెనీ చూపించిన లాభం? ఆ మూడు నెలలకే వెయ్యి కోట్ల డాలర్లకు పైన. 2021 మొత్తానికి 3,900 కోట్ల పైచిలుకు. నష్టం రాలేదు, సర్వర్లు కాలిపోలేదు. ఫేస్‌బుక్‌ను రోజూ వాడేవాళ్ల సంఖ్య మొదటిసారి కాస్త తగ్గింది, యాపిల్ ఫోన్లలో మారిన నిబంధనల వల్ల ప్రకటనల ఆదాయం దెబ్బతింటుందని కంపెనీయే చెప్పింది, వచ్చే మూడు నెలల అంచనా తక్కువగా ఇచ్చింది. అంతకుముందు ఏడాది లాభానికి 23 రెట్లు ఇస్తామన్నవాళ్లు, ఆ రాత్రి ఆలోచించుకుని 17 రెట్లే ఇస్తామన్నారు. "మెటా 23,000 కోట్లు పోగొట్టుకుంది" అని రాశారు. మెటా పోగొట్టుకున్నది ఎదుగుదల మీది నమ్మకం. ఆ డబ్బు దాని దగ్గర ఎప్పుడూ లేదు.

ఇక ఉన్న ఆస్తుల లెక్క, నా రోజువారీ పని. బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది వాటాదారుల సొమ్ము, దాన్నే పుస్తక విలువ అంటాం. అది మార్కెట్ క్యాప్‌తో కలిస్తేనే ఆశ్చర్యపోవాలి. ఎందుకంటే యంత్రాన్ని కొన్న ధరలో అరుగుదల తీసేసి రాస్తాం, ఈరోజు ఎంతకు అమ్ముడవుతుందో రాయం. కంపెనీ ఇరవై ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరును అసలు రాయనే రాయం. అదే పేరును ఇంకో కంపెనీ కొంటే మాత్రం వాళ్ల పుస్తకంలో ఆస్తిగా ఎక్కుతుంది! పుస్తక విలువ గతం, మార్కెట్ క్యాప్ భవిష్యత్తు. రెండూ ఒకే కంపెనీవైనంత మాత్రాన ఒకే అంకె చెప్పాలని లేదు. కానీ త్రీకామ్ విషయంలో వంక పెట్టడానికి అరుగుదల, పేరు లాంటివేమీ లేవు. పామ్ షేర్లు రోజూ ధర పలికే ఆస్తి, నగదు నగదే. అందుకే ఆ కేసు అంత శుభ్రంగా దొరికిపోయింది.

అప్పు సంగతి ఒక్క మాటలో. మార్కెట్ క్యాప్ వాటాదారుల భాగానికి మాత్రమే ధర. కంపెనీకి వెయ్యి కోట్ల అప్పుంటే, వ్యాపారం మొత్తం కొనేవాడు ఆ అప్పునూ నెత్తిన వేసుకోవాలి. పెట్టెలో నగదుంటే అది అతనికి కలిసొస్తుంది. రెండు కంపెనీల మార్కెట్ క్యాప్ ఒకటే అయినా, ఒకదానికి కొండంత అప్పుంటే అవి సమాన సైజు వ్యాపారాలు కావు. ఒక కంపెనీ మార్కెట్ క్యాప్‌ను ఒక దేశపు జీడీపీతో పోల్చేవాళ్లు ఇంకో అడుగు ముందుకు పోతారు. జీడీపీ ఏడాది ఉత్పత్తి, మార్కెట్ క్యాప్ అన్ని ఏళ్ల ఆశకు ఈరోజు కట్టిన ధర. ఒకరి జీతాన్ని ఇంకొకరి ఇంటి ధరతో పోల్చి, ఎవరు గొప్ప అని అడిగినట్టు ఉంటుంది.

పామ్, త్రీకామ్ చివరికి ఏమయ్యాయో చెప్పాలి. 2000 జులైలో అనుకున్నట్టే పామ్ షేర్లు పంచేశారు, ఒక్కో త్రీకామ్ షేరుకు 1.48 చొప్పున వచ్చాయి. అప్పటికి పామ్ ధర ఆ మొదటి సాయంత్రం కంటే బాగా కింద ఉంది. ఏడాది తిరిగేసరికి పది డాలర్ల లోపుకు పడింది. పదేళ్ల తర్వాత, 2010లో, ఈ రెండు కంపెనీలనూ ఒక్కరే కొన్నారు, హ్యూలెట్ ప్యాకర్డ్. త్రీకామ్‌కు సుమారు 270 కోట్ల డాలర్లు, పామ్‌కు సుమారు 120 కోట్ల డాలర్లు ఇచ్చారు. మధ్యలో రెండూ చాలా మారాయి, పామ్ ఒకసారి రెండు ముక్కలై, ఇంకో కంపెనీని కలుపుకుంది కూడా. కాబట్టి పాత అంకెతో నేరుగా పోల్చడం సరికాదు. అయితే ఈసారి ఆఖరి బేరాన్ని అన్ని షేర్లతో గుణించే పని ఎవరికీ పడలేదు. బేరమే అన్ని షేర్లకూ జరిగింది, కొన్నవాళ్లు మొత్తం సొమ్ము కట్టారు.